నాలుగో స్లైడు

నాకు కవిత్వం పడదు. చెప్పేదేదో తిన్నగా చెప్పకుండా, సగం చెప్పి సగం మింగి, ఆ మింగిన సగాన్ని మన నెత్తిన పడేసే మనుషులంటేనే నాకు చిరాకు. అలాంటి నాకు రోజంతా కవిత్వంతో కాపురం చేసే మనిషి పక్క గదిలో దొరికింది. రాత అంటే అదే మరి.

మాది చిన్న ప్రెస్సు. ముందు గదిలో కౌంటరు, కాగితాలు కోసే మిషను నావి. వెనక గాజు తలుపు అవతల కంప్యూటరు ఆవిడది. ఆవిణ్ణి ఇక్కడ ఎవరూ అసలు పేరుతో పిలవరు. ఓనరు పెట్టిన పేరు ‘ఖాళీ’. విజిటింగ్ కార్డు ఇచ్చినా, కరపత్రం ఇచ్చినా సగం జాగా అలాగే వదిలేస్తుందని. “అమ్మా, కాగితం నిండా తెలుపే ఉంటే ఇక మనం సిరా కొనడం ఎందుకు?” అని ఆయన నెత్తి బాదుకునేవాడు. ఆవిడ నవ్వి ఊరుకునేది. మాట కూడా అంతే, ఆచితూచి. నేను పది మాటలంటే ఒకటి బదులు వచ్చేది. ఆ ఒక్కటీ కూడా ఎక్కువయిందేమో అన్నట్టు పెదాలు బిగించేది.

వాళ్ళ నాన్న షాపుల బోర్డులు రాసేవాడట. కుంచె ముంచే ముందు రోడ్డుకి అవతల నిలబడి ఆ ఉత్త గోడనే చూస్తూ ఉండేవాడట. “ఏం చూస్తున్నావు నాన్నా?” అంటే, “ఎక్కడ రాయకూడదో చూస్తున్నానమ్మా” అనేవాడట. ఆ తండ్రికి ఈ కూతురు. ఇంటికి వెళ్తే వంటగట్టు మీద ఒక్క గిన్నె, గోడకి ఒక్క క్యాలెండరు. మా ఇల్లు చూసినవాళ్ళకి ఆ ఇల్లు చూస్తే ఎవరో సామాను సర్దుకుని వెళ్ళిపోయారేమో అనిపిస్తుంది.

మా వీధి చివర ఒక పళ్ళ డాక్టరున్నాడు. గుండ్రటి మనిషి, నవ్వితే పొట్ట ముందు నవ్వుతుంది. పళ్ళు పీకించుకోవడానికి వచ్చినవాళ్ళు కూడా నవ్వుతూ బయటికొస్తారు. ఆయనకి ఇంకో బతుకుంది. వేరే పేరుతో ఫోన్లో ఒక పేజీ నడుపుతాడు. అందులో కవితలు పెడతాడు. అన్నీ చీకటి, నీళ్ళు, వెళ్ళిపోవడం. ఇంత నవ్వే మనిషికి లోపల అంత ఏడుపు ఎక్కడిదని నేను మొహం మీదే అడిగాను. “రోజంతా జనం నోళ్ళలోకి తొంగిచూసేవాణ్ణమ్మా. అక్కడ వెలుతురుంటుందా?” అన్నాడు.

ఆయన కవితలు రాసి పంపిస్తే, వాటిని చూడముచ్చటగా తీర్చేది ఖాళీ. ఒక్క కవితని ఆరేడు బొమ్మలుగా, అదే స్లైడులుగా, విడగొడుతుంది. చూసేవాడు వేలితో ఒక్కోదాన్నీ పక్కకి జరుపుకుంటూ పోవాలి. దాన్ని కరౌసెల్ అంటారట. నా నోటికి అది రాదు. ‘జరుపుడు’ అంటాను, షాపంతా అదే అలవాటైంది.

ఆ పని నేను చాలాసార్లు గాజు తలుపుకి ఇవతల నిలబడి చూశాను. చూస్తే అర్థమైంది, ఊరికే అక్షరాలు పరచడం కాదని. ఒక స్లైడుకి రెండు ముక్కలు, మహా అయితే మూడు. మన మాటలు పొడుగు, పైగా కింద వత్తులు, పైన గుడులు. వరసకీ వరసకీ మధ్య దూరం తగ్గితే పై వరస వత్తు కింది వరస గుడిని పొడుస్తుంది. అందుకని ఇంగ్లీషు అక్షరాలకి ఇచ్చేదానికంటే ఎక్కువ జాగా ఇస్తుంది. మాటలు సరిగ్గా నడిమధ్యన పెట్టదు, రవ్వంత పైకి పెడుతుంది. నడిమధ్యన పెడితే కంటికి జారిపోతున్నట్టుంటాయట. అన్ని స్లైడుల్లోనూ మొదటి అక్షరం ఒకే చోట మొదలవ్వాలి, లేకపోతే జరిపినప్పుడల్లా మాట గెంతుతుంది. వరస ఎక్కడ విరగాలో పైకి చదివి, ఊపిరి ఆగిన చోట విరుస్తుంది. ఒక్కటే రంగు, తడిసిన బూడిద రంగు. దాని మీద పాలమీగడ లాంటి తెలుపు అక్షరాలు. ఒక్కటే అక్షరాల తీరు. నెలల తరబడి అదే. “పేజీ తెరిస్తే ఒకే వాన కురుస్తున్నట్టుండాలక్కా” అంది నాతో ఒకసారి. ఆవిడ నోట అంత పొడుగు మాట నేను అదే వినడం.

మొదట్లో ప్రతి స్లైడుకీ కింద మూలన చిన్న బాణం గుర్తుండేది, ఇంకా ఉంది జరపమని. పక్కనే ఏడింటిలో ఇది ఎన్నోదో అంకె. ఒకరోజు ఆ రెండూ తీసేసింది.

“ఎందుకే, పాపం బాగానే ఉన్నాయిగా?” అన్నాను.

“గోల చేస్తున్నాయక్కా.”

“ఇంత బాణం ముక్క గోలేమిటే?”

“మాట ఆగిన చోట చూపు కూడా ఆగాలి. అది లాగేస్తోంది.”

“మరి తర్వాత ఇంకా ఉందని జనానికి ఎలా తెలుస్తుంది?”

“ఫోన్లో బొమ్మ కింద చుక్కలు కనపడతాయిగా. అవి చాలు.”

డాక్టరు చూసి మురిసిపోయాడు. నిజం చెప్పాలంటే నాక్కూడా బాగుంది. ఆ బూడిదరంగులో రెండు ముక్కలు, చుట్టూ ఏమీ లేదు. చూస్తే గది తలుపు ఎవరో మెల్లిగా వేసినట్టు అనిపించింది. ఒళ్ళు జలదరించింది కూడా. బాగున్నదానికి ఒళ్ళు జలదరించడం మంచి శకునం కాదని మా అమ్మ అంటుండేది. అప్పుడు నాకు ఆ మాట గుర్తు రాలేదు.

ఖాళీ మొగుడు బస్సు డ్రైవరు. నన్ను ‘అక్కగారూ’ అంటాడు, నేను ‘తమ్ముడూ’ అంటాను. ఇద్దరిలో మాటకారి అతనే. స్టీరింగు దగ్గర కూర్చుంటే ఎక్కేవాళ్ళనీ దిగేవాళ్ళనీ వరసలు పెట్టి పలకరించేవాడు. అలాంటివాడి బస్సు దగ్గర ఒక ముసలాయన పోయాడు. స్టాపులో బస్సు ఆగింది. ముసలాయన మెట్టు మీద నిలబడి, “దిగొచ్చా నాయనా?” అన్నాడు. ఇతను అద్దంలో చూసి, “దిగు తాతా” అన్నాడు. ఆయన కాలు కింద పెట్టేసరికి, బస్సుకీ ఫుట్‌పాత్‌కీ మధ్య సందులోంచి ఒక మోటార్ సైకిలు దూసుకొచ్చింది.

విచారణ జరిగింది. డ్రైవరు తప్పేమీ లేదని తేల్చారు. డ్యూటీకి రావచ్చని కబురు పెట్టారు. ఇతను వెళ్ళలేదు. రేపు వెళ్తా, ఎల్లుండి వెళ్తా అంటూ ఇంట్లోనే ఉండిపోయాడు. మాటలు తగ్గిపోయాయి. ఆ ఇంట్లో ముందే ఒకరు మాట్లాడరు, ఇక రెండోవాళ్ళు కూడా మానేస్తే ఆ ఇల్లు ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

“ఎవరైనా మంచి డాక్టరుకి చూపించకూడదటే?” అన్నాను ఒకరోజు.

“నిద్ర పడితే అదే సర్దుకుంటుందంటారు ఆయన.”

“నువ్వేమంటావు?”

కంప్యూటరు వైపు తిరిగిపోయింది.

ఆ రోజుల్లోనే డాక్టరు ‘రేవు’ అనే కవిత పంపాడు. అది నాకూ నచ్చింది, ఎందుకంటే దానికి ఒక తలా తోకా ఉన్నాయి. ఒకడు రేవు దగ్గరికి వెళ్తాడు. బరువులన్నీ ఒడ్డునే పెట్టేస్తాడు. దిగుతాడు. తీరా చూస్తే నీళ్ళు మోకాళ్ళ దాకే! వెనకనుంచి ఎవరో చెప్పులు మరిచిపోయావని అరుస్తారు. వాడు వెనక్కి వస్తాడు. అంతే. చదివి పకపకా నవ్వాను. డాక్టరు అసలు మనిషి ఆ కవితలోనే కనిపించాడు నాకు.

ఖాళీ దాన్ని ఏడు స్లైడులు చేసింది. మొదటిదాంట్లో పేరు ఒక్కటే. రెండోది:

బరువులన్నీ
ఒడ్డునే ఉన్నాయి

మూడోది:

చేతులు
తేలికయ్యాయి

నాలుగోది:

ఇక
దిగవచ్చు

ఐదోదాంట్లో మోకాళ్ళ దాకా నీళ్ళు, ఆరోదాంట్లో చెప్పుల కేక, ఏడోదాంట్లో ‘వెనక్కి వచ్చాను’. నాలుగోదానికి మిగతావాటికంటే ఎక్కువ జాగా వదిలింది. ఆ రెండు మాటలూ చిన్నవి చేసింది. ఇంత బూడిదరంగులో అవి రెండూ దూరంగా ఒడ్డున నిలబడ్డ మనిషిలా ఉన్నాయి. ఐదో స్లైడులో నవ్వు రావాలంటే నాలుగోదాంట్లో గుండె ఆగాలిట. పనితనమంటే పనితనమే, కాదనను.

ఆ పోస్టు పాకింది. డాక్టరు ఇంతకు ముందు పెట్టినవన్నీ కలిపినా అంత లేదు. క్లినిక్కులో పేషెంటు నోట్లో దూది పెట్టి మా షాపుకి పరిగెత్తుకొచ్చాడు. “నాలుగోదాన్నే ఎక్కువ పంచుకుంటున్నారమ్మా! ఎక్కడ చూసినా అదే! ఫొటో తీసి స్టేటస్‌లలో పెట్టుకుంటున్నారు!” అన్నాడు.

ఖాళీ తల ఊపింది. మొహంలో వెలుగు. ఒక్క నిమిషం నేను కూడా సంతోషించాను. కానీ నాకు ఒకటి అనిపించింది. మనిషిని ఒడ్డున నిలబెట్టి వదిలేశారు, వెనక్కి తెచ్చే స్లైడు ఎవరూ పట్టుకెళ్ళడం లేదేమని. పైకి అనలేదు. కవిత్వం సంగతి నాకేం తెలుసని.

ఆ తర్వాత కొన్నాళ్ళకి ఆవిడ మొగుడు మారాడు. మారాడంటే, బాగుపడ్డాడనే అనుకున్నాం. ఇంట్లో కారే కుళాయిలన్నీ బాగుచేశాడు. ఊగే కుర్చీకి మేకు కొట్టాడు. గ్యాసు బుక్ చేయడం, కరెంటు బిల్లు కట్టడం, బ్యాంకు కాగితాలు ఎక్కడున్నాయో అన్నీ ఆవిడకి నేర్పాడు. తన మంచి చొక్కాలు, డ్యూటీ చొక్కాలతో సహా, తోటి డ్రైవరుకి ఇచ్చేశాడు.

“మొగుడు ఇల్లు సర్దుతున్నాడంటే ఆ ఆడది ఏ జన్మలో పుణ్యం చేసుకుందో” అని నేను ఏడిపించాను. “మా ఆయనకి తన బనీను ఎక్కడుందో కూడా తెలీదు. కొన్నాళ్ళు మా ఇంటికి పంపు.”

ఆవిడ నవ్వింది. చాలా రోజులకి. “రాత్రుళ్ళు కూడా బాగా పడుకుంటున్నారక్కా” అంది. “మనసు కుదుటపడింది.”

నేను మిషను తుడుస్తున్నాను. ఆ మాట విన్నప్పుడు చెయ్యి ఎందుకో ఆగింది. మంచి చొక్కాలంటే సరే, పనిలోకి వెళ్ళాల్సినవాడు డ్యూటీ చొక్కాలు కూడా ఎందుకు ఇచ్చేశాడు? అడుగుదామనుకునేలోపే ఎవరో లెటర్‌హెడ్ల కోసం వచ్చారు.

ఆరోజు మధ్యాహ్నం కరెంటు పోయింది. ఇన్వర్టరు కూడా చేతులెత్తేసింది. “రా అక్కా, మా ఇంట్లో ఇంత తిని వద్దాం” అంది ఖాళీ. ఇల్లు రెండు వీధుల అవతలే.

తలుపు దగ్గరగా వేసి ఉంది, గడియ లేదు. గుమ్మం బయట అతని చెప్పులున్నాయి, రెండూ పక్కపక్కనే, ముక్కులు ఇంటివైపు తిరిగి. లోపల ఎవరూ లేరు.

“ఏవండీ” అని పిలిచింది, వంటగదిలోకి తొంగిచూసింది.

బల్ల మీద చేతి గడియారం, తాళాలు, పర్సు, ఫోను వరసగా ఉన్నాయి. వాటి మధ్య జాగా కూడా సమంగా ఉంది. ఆ ఇంటికి సర్దుడు కొత్త కాదు. కానీ మగవాడు ఇల్లు కదిలితే ఇవన్నీ జేబులో ఉండాలి కదా.

అప్పుడే ఆ ఫోను మోగింది. డిపో నుంచి. ఆవిడ తీసేలోపే ఆగిపోయింది. కానీ వెలిగిన ఫోను అద్దం ఆరలేదు, ఒక్క క్షణం అలాగే ఉంది.

బూడిదరంగు. పాలమీగడ తెలుపు. నడిమధ్యకి రవ్వంత పైన రెండు మాటలు. ఇక, దిగవచ్చు.

“ఇది నీదే కదే” అన్నాను, అది ప్రశ్న కూడా కాదు.

డాక్టరు పేజీలో బొమ్మలు చేసేది ఆవిడేనని అతనికి తెలీదు. తెర వెనక ఎవరున్నారో బయటికి రాకూడదని డాక్టరు ముందే మాట తీసుకున్నాడు, ఆవిడ మాట ఇచ్చింది. ఎలాగూ ఇంట్లో పని సంగతులు చెప్పే మనిషి కాదు. ఆ బొమ్మ ఎక్కడో డ్రైవర్ల గ్రూపులో తిరిగి తిరిగి అతని ఫోన్లోకి వచ్చింది. ఒక్క బొమ్మే వచ్చింది. బాణం లేదు, అంకె లేదు, కింద చుక్కలూ లేవు. దాని తర్వాత ఇంకా మూడు స్లైడులున్నాయని ఆ బొమ్మలో ఎక్కడా రాసి లేదు.

ఆవిడ ఆ ఫోను చేతిలోకి తీసుకుంది.  “పద” అని నేనే రెక్క పట్టి లాగాను. బయటికొస్తూ వంగి ఆ చెప్పులు తీసుకుంది. ఎందుకు తీసుకుందో అడగలేదు. కొన్నిసార్లు చేతులకి తెలిసింది మనిషికి తెలీదు.

“ఎక్కడికే?” అన్నాను.

“కాలవ” అంది. డిపో వెనక కాలవ ఉంది. బస్సులు కడిగే నీళ్ళు అక్కడినుంచే వస్తాయి. డ్యూటీ దిగాక అతను ఆ మెట్ల మీదే కూర్చునేవాడు, అది మాకు తెలుసు.

ఎండలో పరిగెత్తాం. నాది పరుగు కాదు, దొర్లుడు. ఆవిడ ముందు, నేను వెనక. దారిలో పళ్ళబండివాడు ఏమైందమ్మా అన్నాడు. మేం ఆగలేదు. డిపో గోడ పక్క సందు దాటేసరికి కనిపించాడు. కింది మెట్టు మీద నిలబడి ఉన్నాడు, వీపు మా వైపు. లోతైన కాలవ అది, మోకాళ్ళ దాకా వచ్చే రకం కాదు.

“ఏవండీ!” అని పిలిచింది.

కదల్లేదు. వినపడలేదో, వినదలచుకోలేదో.

మళ్ళీ పిలిచింది. గొంతు సరిగా రాలేదు. జన్మలో గట్టిగా మాట్లాడని గొంతు అది. నేను అరుద్దామంటే నాకు ఊపిరే అందడం లేదు. అప్పుడు ఆవిడ ఆ చెప్పులు రెండూ పైకెత్తింది. ఏడుపో కోపమో తెలియని గొంతుతో కాలవంతా మోగేట్టు అరిచింది.

“ఏవండీ! చెప్పులు మరిచిపోయారు!”

అతను కిందికి చూశాడు. తన కాళ్ళ వైపే. చాలాసేపు చూశాడు. వాటిని అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు. తర్వాత తిరిగాడు. మొహంలో నేను అనుకున్నదేదీ లేదు. ఇంట్లో పాలు పొంగితే చూసే మగాడిలా, అయ్యో అన్నట్టు ఉంది, అంతే.

“కాలుతున్నాయా?” అంది ఆవిడ.

“ఆఁ” అన్నాడు. “కాలుతున్నాయి.”

మెట్లెక్కి వచ్చాడు. ఆవిడ వంగి చెప్పులు అతని కాళ్ళ ముందు పెట్టింది. తొడుక్కున్నాడు. నేను అక్కడే మట్టిలో చతికిలబడి ఏడ్చాను. సిగ్గు లేకుండా ఏడ్చాను. నేనెందుకు దాచాలి?

సాయంత్రం కాకముందే ఆసుపత్రికి తీసుకెళ్ళాం. మనసుకి చూసే డాక్టరమ్మ అతనితో ఒంటరిగా చాలాసేపు మాట్లాడింది. మందులిచ్చింది. మనిషిని ఒంటరిగా వదలొద్దంది. కొన్ని వారాలు నేనూ మా ఆయనా వంతులేసుకుని వెళ్ళాం. మా ఆయన అతనికి పేకాట నేర్పానంటాడు. అతనే మా ఆయనకి నేర్పాడని నా అనుమానం.

ఇంటికి తెచ్చాక ఒకరోజు ఆవిడ అతనికి ఆ పోస్టు తెరిచి ఇచ్చింది. అప్పుడు నేను గదిలోనే ఉన్నాను. “పక్కకి జరపండి” అంది. జరిపాడు. నాలుగోది వచ్చింది. వేలు ఆగింది.

“ఇంకా ఉంది” అంది.

ఐదోది. ఆరోది. ఆరోదాని దగ్గర అతను తలెత్తి ఆవిణ్ణి చూశాడు. “ఇది నువ్వు చేశావా?” అన్నాడు. ఆవిడ తలూపింది. “నాకు అక్కడితో అయిపోయిందే” అన్నాడు మెల్లిగా. “అక్కడితో అయిపోయినట్టే ఉంది కదా బొమ్మ.”

అతను తప్పు పట్టలేదు. ఉన్నమాట అన్నాడంతే. కానీ ఆవిడ ఆ రోజు నుంచి ఆ మాటని మోస్తూనే ఉంది.

పళ్ళ డాక్టరుకి సంగతి చెబితే మనిషి కుర్చీలో కూలబడ్డాడు. ఆ నవ్వే పొట్ట ఒక్కసారిగా దిగిపోయింది. పోస్టు తీసేస్తానన్నాడు. తీసేస్తే పేజీలోంచి పోతుంది గానీ జనం ఫోన్లలోంచి పోదని ఆవిడ చెప్పింది. ఎంతమంది దాచుకున్నారో పేజీ లెక్క చూపిస్తుంది. ఎవరు దాచుకున్నారో చూపించదు. స్టేటస్‌లలోకీ గ్రూపుల్లోకీ వెళ్ళినవాటికైతే లెక్క కూడా లేదు. డాక్టరు ఆ అంకె చూసి, “వీళ్ళందరూ?” అన్నాడు. 

ఆవిడ ‘రేవు’ని మళ్ళీ చేసింది. ఈసారి ప్రతి స్లైడులోనూ ఎడమ అంచు నుంచి కుడి అంచు దాకా ఒక సన్నటి తెల్ల గీత. ఒకదాంట్లో ఆగదు, అంచు దాటి పక్కదాంట్లోకి పోతుంది, ఏడోదాకా. నాలుగోదాన్ని ఒక్కదాన్నే కోసి తీసినా గీత తెగినట్టు కనిపిస్తుంది, ఇంకెక్కడికో పోతోందని తెలుస్తుంది. బాణం మళ్ళీ వచ్చింది. అంకె వచ్చింది. నాలుగోదాని కుడి అంచున ఐదోదాని మొదటి మాట సగం తొంగిచూస్తుంది. కింద జనం రాశారు, పాతదే బాగుంది, ఈ గీతల గోలేంటి, మూడ్ పోయింది అని. ఆవిడ చదివింది గానీ గీత తీయలేదు. పాతది మాత్రం తిరుగుతూనే ఉంది. గీత ఉన్నదాన్ని ఎవరూ స్టేటస్ పెట్టుకోరు.

అప్పటినుంచి ఆవిడకి ఒక అలవాటు పట్టింది. కౌంటరు దగ్గర ఎవరు ఫోను తీసినా గాజు తలుపు వెనకనుంచి ఆ అద్దం వైపే చూస్తుంది. మొదట్లో నవ్వాను. తర్వాత నేనూ చూడటం మొదలుపెట్టాను.

మొన్న ఒకావిడ వచ్చింది, కుట్టుమిషన్ల షాపు తాలూకు విజిటింగ్ కార్డుల కోసం. నడివయసు, శుభ్రమైన చీర, నెమ్మదిగా మాట. కార్డులు ఎలా ఉన్నాయో చూసుకోలేదు. నేను చూపిస్తుంటే, “బాగానే ఉంటాయి లెండి” అంది. టైమెంతయిందని ఫోను తీసి చూసింది.

బూడిదరంగు. రెండు మాటలు. గీత లేదు.

నేను తలెత్తేసరికి ఆవిడ మెట్లు దిగి వీధిలోకి వెళ్ళిపోయింది. కార్డుల పెట్టె కౌంటరు మీదే ఉంది, తీసుకెళ్ళలేదు. వెనక గాజు తలుపు దడాలున తెరుచుకుంది. ఖాళీ బయటికి పరిగెత్తింది. వీధి చివర దాకా వెళ్ళి, మలుపులో అటూ ఇటూ చూసి, వగరుస్తూ వెనక్కి వచ్చింది.

“కనపడలేదు” అంది.

పెట్టె విప్పి ఒక కార్డు తీసింది. తనే వేసిన కార్డు అది. సగం తెలుపు, మధ్యలో ఫోన్ నంబరు. డయల్ చేసింది. మోగింది, మోగింది, ఆగిపోయింది. మళ్ళీ చేసింది. నేను కౌంటరు పట్టుకుని నిలబడ్డాను. ఓనరు లోపలికొచ్చి ఏదో అడగబోయి, మా మొహాలు చూసి ఆగిపోయాడు. మళ్ళీ మోగింది.

అవతల ఎత్తారు. “హలో” అని సన్నగా వినపడింది.

“అమ్మా, నేను ప్రెస్సు నుంచండీ, కార్డులు మరిచిపోయారు, లేదు, కార్డుల కోసం కాదు, మీరు ఫోను పెట్టేయకండి, మీ ఫోన్లో బొమ్మ ఉంది కదా, అది నేను చేసిందేనండీ, అది అక్కడితో అవలేదు, నేనే అలా కనపడేట్టు చేశాను, దాని తర్వాత ఇంకా ఉంది, నీళ్ళు మోకాళ్ళ దాకేనండీ, వెనక ఒకళ్ళు పిలుస్తారు, మీరెక్కడున్నారో చెప్పండి, నేనొస్తాను, నేనూ మా అక్కా ఇద్దరం వస్తాం, మీరు ఉన్నచోటే ఉండండి, మాట్లాడుతూనే ఉంటాను, వింటున్నారా...”

ఇన్నేళ్ళలో ఆవిడ అన్ని మాటలు ఒక్కసారిగా అనడం నేను వినలేదు. ఫోను చెవిదగ్గర పెట్టుకునే, ఒక చేత్తో కార్డుల పెట్టె తీసుకుని మెట్లు దిగుతోంది. నేను షట్టరు కూడా వేయకుండా వెనకే నడిచాను. ఆవిడ ఊపిరి తీసుకోవడానికి కూడా ఆగడం లేదు, మాటకీ మాటకీ మధ్య వెంట్రుకంత ఖాళీ కూడా ఉంచడం లేదు.